‘పేస్ట్ చేసినది 86 శాతం’ అన్న నివేదికకు ఏమని జవాబివ్వాలి?

ప్రశ్న: నేను ఒక ఆన్‌లైన్ వేదికకు తెలుగులో వ్యాసాలు రాసి పారితోషికం తీసుకుంటాను. ముందు నోట్‌బుక్కులో రాసుకుంటాను. తర్వాత ఫోనులో ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి తెలుగు చేసుకుంటూ, కొన్ని పేరాలు నోటితో చెప్పి రాయిస్తూ గూగుల్ డాక్స్‌లో పూర్తి చేసి, చివరికి ల్యాప్‌టాప్‌లో వాళ్ల ఎడిటర్‌లో పేస్ట్ చేస్తాను. ఈమధ్య ఆ ఎడిటర్ మనం నొక్కే ప్రతి కీనీ నమోదు చేస్తోంది. నా చివరి వ్యాసానికి ‘పేస్ట్ చేసినది 86 శాతం, రచయిత నిర్ధారణ కాలేదు’ అని వచ్చి డబ్బు ఆగిపోయింది. ఇకమీదట స్క్రీన్‌ని రికార్డ్ చేసే యాప్ కూడా వేసుకోవాలంటున్నారు. నేనే రాశానని ఎలా చూపించాలి? ఆ యాప్ వేసుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: ఆ నివేదికలోని అంకెతో మీరు వాదనకు దిగవద్దు. మీరు చెప్పిన పద్ధతిని బట్టి చూస్తే 86 శాతం అన్నది దాదాపు నిజమే అయి ఉంటుంది, ఎందుకంటే వ్యాసం వాళ్ల ఎడిటర్‌లోకి పేస్ట్ రూపంలోనే వచ్చింది. ‘రచయిత నిర్ధారణ కాలేదు’ అన్న రెండో మాటను కూడా అక్షరాలా తీసుకుంటే తప్పు లేదు; ఆ ఎడిటర్‌కు తన గడప దాటి లోపలికి వచ్చిన తర్వాతి సంగతులే తెలుస్తాయి కాబట్టి అది నిర్ధారించలేకపోయింది. పొరపాటు ఎక్కడ జరిగిందంటే, ‘నిర్ధారణ కాలేదు’ అన్నదాన్ని ‘ఈమె రాయలేదు’ అన్న అర్థంలో తీసుకుని డబ్బు ఆపిన చోట జరిగింది. మీ జవాబు ఆ ఒక్క మెట్టు మీదే నిలబడాలి. అందుకు ఆ ఎడిటర్ దాచుకునే కీల నమోదులో, అంటే లాగ్‌లో నిజంగా ఏముంటుందో మీకు తెలిసి ఉండటం అవసరం.

బ్రౌజర్‌లో నడిచే ఎడిటర్‌లో అక్షరం చేరినా, చెరిగినా, బ్రౌజర్ ఆ మార్పు ఏ రకానిదో ఒక పేరుతో ఎడిటర్‌కు చెబుతుంది. ఎడిటర్ దానికి సమయాన్ని, ఎన్ని అక్షరాలు మారాయన్న లెక్కను జోడించి దాచుకుంటుంది. సులువుగా చదవడానికి కుదిస్తే అది ఇలా ఉంటుంది:

```
21:14:03.120  insertText             +1
21:14:03.910  deleteContentBackward  -1
21:14:06.480  insertCompositionText  +7
21:15:40.002  insertFromPaste        +4812
```

మొదటి వరుస ఒక అక్షరం టైపు చేసినప్పటిది, రెండోది వెనక్కి చెరిపినప్పటిది. మూడోది భారతీయ భాషల కీబోర్డుల వంటి ఇన్‌పుట్ పద్ధతి కూర్చి ఇచ్చిన పదం. నాలుగోది పేస్ట్. శాతాలు, రంగుల పట్టీలు, ‘విశ్వసనీయత’ మార్కులు అన్నీ ఇలాంటి వరుసల మీద ఎవరో పెట్టుకున్న నియమాల నుంచి పుట్టినవే. ఈ వరుసల్లో ఎక్కడా ‘ఆలోచన’ అన్న గడి లేదు. అక్షరాలు ఎడిటర్‌లోకి ఏ దారిన వచ్చాయో లాగ్ చెబుతుంది. ఆ అక్షరాలను ఎవరు కూర్చారన్నది మనిషి ఊహించి చేర్చుకోవలసిందే.

ఈ ఊహ ఇంగ్లిష్ టైపింగులో కొంతవరకు నడుస్తుంది, తెలుగు దగ్గర తరచు తడబడుతుంది. ‘పరిశోధన’ అన్న మాటనే తీసుకోండి. మీ ఫోనులో మీరు parishodhana అని పన్నెండు కీలు నొక్కుతారు. కీబోర్డు దాన్ని తెలుగు చేసి ఇచ్చే మాటకు యూనికోడ్‌లో ఏడు సంకేతాలుంటాయి: ప, ర, గుడి, శ, ఓత్వం, ధ, న. ఎడిటర్‌కు చేరేది మాత్రం మీ పన్నెండు నొక్కులు కావు, చాలాసార్లు ఒక్క దెబ్బలో వచ్చి పడిన ఏడు సంకేతాల మాట. పైగా ఆండ్రాయిడ్ ఫోనుల్లో తెర మీది కీబోర్డు వాడినప్పుడు ఏ కీ నొక్కినా బ్రౌజర్ సాధారణంగా 229 అన్న ఒకే సంఖ్యను చూపుతుంది. ఆ సంఖ్యకు అర్థం ‘కీబోర్డు యాప్ ఏదో కూర్చుతోంది’ అనే తప్ప, ఫలానా కీ అని కాదు. ఇన్‌స్క్రిప్ట్ అమరికలో ల్యాప్‌టాప్ కీబోర్డు మీద టైపు చేసేవారి లాగ్ అక్షరం అక్షరంగా కనిపిస్తే, అదే మాటను ఫోనులో కొట్టినవారి లాగ్ ముద్దలు ముద్దలుగా కనిపిస్తుంది. నోటితో చెప్పి రాయించినప్పుడు ఆ ముద్ద ఒక వాక్యమంత కూడా ఉండవచ్చు. ‘ఒకేసారి అయిదు అక్షరాలకు మించి వస్తే అది టైపింగు కాదు’ అన్న నియమం పెట్టిన ఎడిటర్, తెలుగువారు రోజూ రాసే పద్ధతినే అనుమానిస్తుంది.

తెలుగు ముద్రణ రంగంలో ఉన్నవారి పరిస్థితి ఇంకా ఇబ్బందికరం. అను ఫాంట్లలో టైపు చేసి, కన్వర్టర్‌లో యూనికోడ్‌గా మార్చి పంపే డీటీపీ అలవాటు ఇంకా చాలా చోట్ల ఉంది. అలా వచ్చిన వ్యాసం నిర్వచనం ప్రకారమే నూటికి నూరు శాతం పేస్ట్. చేతిరాత ప్రతిని ఆపరేటరుకు ఇచ్చే పెద్ద రచయితల విషయంలో, ఎంత చక్కగా నమోదైనా ఆ లాగ్ ఆపరేటరు వేళ్లదే. (ఇంకో చిన్న సంగతి: ‘ల్యాప్‌టాప్’ వంటి మాటల్లో పొల్లు విడిగా కనబడాలంటే మధ్యలో U+200C అనే కనిపించని గుర్తు ఉండాలి. కనిపించని గుర్తులను యంత్రం రాసిన ఆనవాళ్లుగా చూసే తనిఖీ ఏదైనా ఉంటే, తెలుగు పాఠంలో దానికి అనుమానాలే తప్ప ఆధారాలు దొరకవు.)

అలాగని లాగ్‌లకు విలువే లేదని నేను అనను. పాఠాన్ని చూసి ‘ఇది యంత్రం రాసింది’ అని తేల్చే పరికరాల కన్నా ఇవి మెరుగైన దారి. ఆ పరికరాల సంగతి 2023లోనే బయటపడింది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు పరికరాలను పరీక్షిస్తే, ఇంగ్లిష్ మాతృభాష కాని విద్యార్థులు టోఫెల్ కోసం రాసిన 91 వ్యాసాల్లో సగటున 60 శాతానికి పైగా యంత్రం రాసినవిగా ముద్ర పడ్డాయి. అదే ఏడాది ఆగస్టులో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం, విద్యార్థుల రాతలను తనిఖీ చేసే టర్నిటిన్ సాఫ్ట్‌వేర్‌లోని అలాంటి తనిఖీని ఆపేసింది. రాసిన పాఠం కన్నా రాసిన తీరును చూపించడం మేలన్న ఆలోచన ఆ తర్వాత బలపడింది. ఇంగ్లిష్ రాతను దిద్దే గ్రామర్లీ 2024లో ‘ఆథర్‌షిప్’ పేరుతో, టర్నిటిన్ 2025లో ‘క్లారిటీ’ పేరుతో తెచ్చినవి ఆ దారిలోవే. మీ వేదిక కూడా ఆ గాలిలోనే ఈ మార్పు చేసి ఉంటుంది. కాబట్టి వాళ్ల ఉద్దేశాన్ని శంకించకుండానే పరికరానికి ఉన్న హద్దును చూపవచ్చు.

ఆ హద్దు ఏమిటంటే, రాయడం వేరు, ఎత్తిరాయడం వేరు అన్న తేడాను లాగ్ బాగా పట్టిస్తుంది కానీ, దేని నుంచి ఎత్తిరాశారో చెప్పలేదు. రచనా ప్రక్రియను అధ్యయనం చేసేవారు, ముఖ్యంగా ఆంట్‌వెర్ప్ విశ్వవిద్యాలయంలో ఇన్‌పుట్‌లాగ్ అనే పరికరాన్ని తయారుచేసిన పరిశోధకులు, చాలాకాలంగా కీ నొక్కుల మధ్య విరామాలను కొలుస్తున్నారు. రెండు సెకన్లకు మించిన ఆగుదలను ‘విరామం’గా లెక్కించడం ఆ రంగంలో బాగా వాడుకలో ఉన్న కొలత. కొత్తగా ఆలోచించి రాసేటప్పుడు వాక్యాల మొదట, పేరాల మొదట పెద్ద విరామాలు వస్తాయి. మనిషి వెనక్కి వెళ్తాడు, మధ్యలో చేరుస్తాడు, రాసింది కొట్టేసి మళ్లీ మొదలుపెడతాడు. ఎదుట ఉన్న ప్రతిని చూసి టైపు చేసేటప్పుడు నడక సమంగా ఉంటుంది, పాఠం పైనుంచి కిందికి ఒకే వరుసలో పెరుగుతుంది, చెరిపివేతలు చాలా వరకు అక్షరదోషాలకే పరిమితమవుతాయి.

ఇప్పుడు మీ నోట్‌బుక్కు సంగతి చూడండి. మీరు మీ సొంత చేతిరాతను చూసి టైపు చేసినా, మరొకరు చాట్‌బాట్ ఇచ్చిన జవాబును పక్కన పెట్టుకుని టైపు చేసినా, లాగ్ ఇద్దరినీ ఒకేలా ‘ఎత్తిరాత’గా చూపుతుంది. అసలు శ్రమ అంతా కాగితం మీద జరిగిపోయింది, అది లాగ్‌కు కనిపించదు. రెండో వైపు నుంచి కూడా ఈ సాక్ష్యం గట్టిది కాదు. పేస్ట్ చేయవలసిన పాఠాన్ని మనిషి టైపు చేస్తున్నట్టు మెల్లగా, విరామాలతో, అక్కడక్కడ తప్పు కొట్టి దిద్దుకుంటున్నట్టు ఎడిటర్‌లోకి ఎక్కించే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు దొరుకుతున్నాయి. మోసం చేయదలచినవారు వాటిని వాడి పచ్చగుర్తు తెచ్చుకుంటారు, కాగితం మీద రాసుకునే అలవాటున్న మీకు ఎర్రగుర్తు పడుతుంది. నా దృష్టిలో ఈ పద్ధతిలో ఉన్న అసలైన అన్యాయం ఇదే: నిజాయితీ ఉండి పద్ధతి వేరుగా ఉన్నవారి మీదే దీని భారమంతా పడుతుంది. చేయి వణికేవారు, స్క్రీన్ రీడర్‌తో రాసేవారు, నోటితో చెప్పి రాయించుకునే దృష్టిలోపం ఉన్నవారు అందరూ ఈ వర్గంలోకే వస్తారు.

మీకు అనుకూలమైన విషయం ఒకటుంది. వాళ్ల ఎడిటర్‌లో లేని చరిత్ర మీ గూగుల్ డాక్స్ పత్రంలో ఉంది. ల్యాప్‌టాప్‌లో ఆ పత్రాన్ని తెరిచి `File` మెనూలో `Version history`కి, అక్కడి నుంచి `See version history`కి వెళ్లండి. కుడివైపు తేదీలవారీగా వరుస కనిపిస్తుంది, ఒక్కో తేదీ పక్కనున్న బాణాన్ని నొక్కితే అందులోని చిన్న మార్పులు విడివిడిగా తెరుచుకుంటాయి. అక్కడ మీరు వెతకవలసింది టైపింగు నడకను కాదు, ఆలోచన మారిన చోట్లను. ఉదాహరణకు ఆ వ్యాసం కాకతీయుల గొలుసుకట్టు చెరువుల గురించి అనుకుందాం. మొదటి రోజు రామప్ప చెరువు ప్రస్తావన మూడో పేరాలో ఉండి, మర్నాడు అది మొదటికి వచ్చి ఉండవచ్చు. పాఖాల గురించి నాలుగు వాక్యాలు రాసి, ఆ తర్వాత మూడు కొట్టేసి ఉండవచ్చు. తూము పనితీరును చెప్పే వాక్యాన్ని ఎవరినో అడిగి తెలుసుకున్నాక తిరగరాసి ఉండవచ్చు. ఇలాంటి మూడు నాలుగు చోట్లు చూపితే చాలు, ఎందుకంటే ప్రతి మార్పుకూ కారణం మీరు నోటితో చెప్పగలరు. పేస్ట్‌ను టైపింగులా చూపించే ఎక్స్‌టెన్షన్ అక్షరదోషాలను అనుకరించగలదు కానీ, పాఖాల వాక్యాలు ఎందుకు తీసేశారని అడిగితే దాన్ని వాడిన మనిషి దగ్గర జవాబు ఉండదు.

అయితే ఆ చరిత్రను చూపించే తీరులో ఒక చిక్కు ఉంది. వెర్షన్ చరిత్ర చూడాలంటే అవతలివారికి ఎడిట్ చేసే అనుమతి ఉండాలి. ఆ అనుమతి ఇచ్చారంటే మీరు ఎప్పుడో చెరిపేసిన ప్రతి వాక్యమూ వాళ్లకు తెరుచుకుంటుంది: పేరు చెప్పవద్దని మీకు వివరాలిచ్చినవారి పేరు, ఎవరి మీదనో కోపంలో రాసి తీసేసిన మాట, పత్రం అడుగున రాసి పెట్టుకున్న ఫోను నంబరు. డ్రాఫ్ట్‌బ్యాక్ అనే ఎక్స్‌టెన్షన్ అయితే ఆ చరిత్ర మొత్తాన్ని వీడియోలా ఆడించి చూపుతుంది. కాబట్టి లింకు పంపవద్దు. ముందు మీరే చరిత్రంతా చూసుకుని, తర్వాత వీడియో కాల్‌లో ఆ ఒక్క ట్యాబ్‌ను మాత్రమే షేర్ చేసి, మీరు ఎంచుకున్న చోట్లను చూపించండి. ‘ఆ మధ్యది కూడా చూపించండి’ అని వాళ్లు అడిగితే చూపించండి, కానీ పత్రాన్ని వాళ్ల చేతికి ఇవ్వవద్దు. ఇంకో జాగ్రత్త: `Make a copy` నొక్కి చేసిన నకలుకు పాత చరిత్ర రాదు, వర్డ్ ఫైలుగా దించుకున్న ప్రతిలోనూ ఉండదు. అసలు పత్రాన్ని అలాగే ఉంచండి.

నోట్‌బుక్కు పేజీలను ఫొటోలు తీయండి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే అది ఎప్పుడు తీసిందన్న వివరం పోతుంది కాబట్టి మెయిల్‌లో గానీ, వాట్సాప్‌లోనే డాక్యుమెంటుగా గానీ పంపండి. ఫొటో తేదీని మార్చడం కష్టమేమీ కాదు. అందుచేత అదొక్కటే సాక్ష్యంగా నిలవదు. అయితే కాగితం మీది కొట్టివేతలు, గూగుల్ డాక్స్‌లోని మొదటి ప్రతి, వాళ్ల దగ్గరున్న చివరి ప్రతి ఒకదాని వెంట ఒకటి పొసిగితే దాన్ని కాదనడం ఎవరికైనా కష్టం. నోటితో చెప్పిన పేరాలకు ఇలాంటి ఆనవాలు తక్కువ. మాట అక్షరంగా మారిన తర్వాత మీరు చేసిన దిద్దుబాట్లే వాటికి సాక్ష్యం.

వాళ్లకు రాసే ఉత్తరం పొడుగ్గా ఉండనక్కరలేదు. దాదాపు ఇలా రాయవచ్చు:

“నా వ్యాసంలో ఎక్కువ భాగం మీ ఎడిటర్‌లో పేస్ట్ చేసినదేనని నేను అంగీకరిస్తున్నాను. దాన్ని నేను ముందు కాగితం మీద, తర్వాత నా సొంత పత్రంలో రాశాను. ఆ రెండింటి చరిత్రను వీడియో కాల్‌లో చూపించడానికి, వ్యాసంలోని ఏ భాగం మీదనైనా మీరు అడిగే ప్రశ్నలకు అక్కడికక్కడే జవాబివ్వడానికి సిద్ధంగా ఉన్నాను. మీ నివేదికకు ఆధారమైన లాగ్‌లో ఏయే చోట్ల ఏ రకం మార్పులు నమోదయ్యాయో ఆ వివరాన్ని, ‘పేస్ట్’గా లెక్కించడానికి మీరు పెట్టుకున్న నియమాన్ని నాకు తెలియజేయండి. తెలుగు కీబోర్డు యాప్‌ల నుంచి ఒక్కసారిగా వచ్చే మాటలను అందులో ఎలా లెక్కిస్తున్నారో కూడా చెప్పగలరు. ఈ పరిశీలన పూర్తయ్యేవరకు చెల్లింపు ఎందుకు ఆగాలో, ఎవరు నిర్ణయిస్తారో, ఎప్పటిలోగా నిర్ణయిస్తారో రాతపూర్వకంగా తెలుపగలరు.”

నియమం ఏమిటని అడగడంలో ఒక ప్రయోజనం ఉంది. నివేదిక ఇచ్చే సాఫ్ట్‌వేర్‌ను వేదిక బయటి నుంచి కొనుక్కుని ఉంటే, ఆ నియమం అక్కడి సంపాదకులకే తెలియకపోవచ్చు. అది తెలియకుండా డబ్బు ఆపామని ఒప్పుకోవలసి వచ్చినప్పుడు, మనుషులు వ్యాసాన్ని తామే కూర్చుని చదవడానికి సిద్ధపడతారు.

ఇక యాప్ సంగతి. ఇక్కడ రెండు వేర్వేరు విషయాలను కలిపి చూడకూడదు. వాళ్ల ఎడిటర్ పేజీలోని స్క్రిప్టు ఆ పేజీలో మీరు నొక్కే కీలను మాత్రమే చూడగలదు. పక్క ట్యాబ్‌లో మీరు బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టినా దానికి తెలియదు. కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసే యాప్ అలా కాదు. విండోస్‌లో అలాంటి యాప్ ఏ ప్రోగ్రాములో నొక్కిన కీనైనా, మిమ్మల్ని విడిగా అనుమతి అడగకుండానే వినగలదు. మ్యాక్‌లో అయితే కీలను గమనించడానికి, తెరను రికార్డ్ చేయడానికి విడివిడిగా అనుమతులు అడుగుతుంది, కనీసం అక్కడ మనకు తెలుస్తుంది. బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ రూపంలో ఇచ్చారనుకోండి, వేసుకునేటప్పుడు `Read and change all your data on all websites` అన్న వాక్యం కనిపిస్తే అది ఒక్క ఎడిటర్‌కు పరిమితమైనది కాదని అర్థం.

తెర రికార్డింగులో పడేది మీ వ్యాసం ఒక్కటే కాదు. ల్యాప్‌టాప్‌లో వాట్సాప్ తెరిచి ఉంటే మూలన వచ్చే సందేశాలు పడతాయి. రాస్తూ మధ్యలో మెయిల్ చూస్తే ఆ మెయిల్ పంపినవారి వివరాలు పడతాయి. వాళ్లెవరూ మీ వేదికకు అనుమతి ఇచ్చినవారు కారు. మీ అమ్మగారి రక్తపరీక్ష ఫలితాలు మీరు తెరిచిన ఆ అయిదు సెకన్లు కూడా ఎవరి సర్వర్‌లోనో ఉండిపోతాయి. ఇంత సేకరించీ తెర రికార్డింగు మీ విషయంలో చూపించేదేమిటి? ఫోనులో రాసి ల్యాప్‌టాప్‌లో పేస్ట్ చేసే మీ తెర మీద అదే పేస్ట్ వీడియోగా కనిపిస్తుంది. పక్కన ఫోను పెట్టుకుని చాట్‌బాట్ జవాబును చూసి టైపు చేసేవారిని అది పట్టుకోలేదు, ఎందుకంటే ఆ ఫోను తెర దానికి కనపడదు.

కీల మధ్య వ్యవధి గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఒక కీని ఎంతసేపు నొక్కి ఉంచారు, దాన్ని వదిలి తర్వాతి కీకి ఎంతసేపటికి వెళ్లారు అన్న మిల్లీసెకన్ల లెక్క మనిషి మనిషికీ తేడాగా ఉంటుంది కాబట్టి దాన్ని గుర్తింపు ముద్రగా వాడతారు. వేలు తెగినా, కొత్త కీబోర్డు కొన్నా, రాత్రి నిద్ర లేకపోయినా అది మారుతుంది. అలా మారినప్పుడు ‘ఇది ఆమె కాదు’ అన్న తప్పుడు హెచ్చరిక వస్తుంది. అంతకన్నా లోతైన చిక్కు ఏమిటంటే, ఆ లెక్కలు రచనకు సంబంధం లేని విషయాలనూ బయటపెడతాయి. మామూలుగా టైపు చేసేటప్పుడు కీలను నొక్కి వదిలే వ్యవధులను బట్టి పార్కిన్సన్స్ వ్యాధి తొలిదశ లక్షణాలను పసిగట్టవచ్చా అని ఎంఐటీతో కలిసి పనిచేసిన పరిశోధకులు 2016లో ఒక అధ్యయనం ప్రచురించారు, ఫలితాలు ఆశాజనకంగానే వచ్చాయి. వైద్యుడి దగ్గర అది మంచి విషయమే. వ్యాసాలు కొనే సంస్థ చేతిలో అలాంటి సమాచారం ఉండవలసిన పని లేదు. యూరప్‌లోని వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమైన జీడీపీఆర్ బయోమెట్రిక్ సమాచారపు నిర్వచనంలో మనిషి ప్రవర్తనా లక్షణాలను కూడా చేర్చింది.

మన దేశంలో ఇందుకు ఆధారం 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. అయితే సమాచారం సేకరించేవారి మీద ముఖ్యమైన బాధ్యతలు ఆ తర్వాత పద్దెనిమిది నెలలకు, అంటే 2027లో, అమలులోకి వచ్చేలా పెట్టారు కాబట్టి ఇప్పటికిప్పుడు దాన్ని చూపి గట్టిగా నిలదీయలేరు. అయినా ఉత్తరంలో ప్రస్తావించడానికి ఆ చట్టంలోని 6వ సెక్షన్ పనికొస్తుంది. అనుమతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా ఉండాలని, చెప్పిన పనికి అవసరమైన సమాచారానికే అది పరిమితమని ఆ సెక్షన్ చెబుతుంది. అక్కడే ఒక ఉదాహరణ కూడా ఇచ్చారు: ఫోనులో వైద్యసలహా ఇచ్చే యాప్ ఒకటి ఫోనులోని కాంటాక్టుల జాబితాకు కూడా అనుమతి అడిగితే, వాడుకరి సరే అన్నప్పటికీ, వైద్యసలహాకు ఆ జాబితా అవసరం లేదు కనుక అనుమతి వైద్యసలహా వరకే చెల్లుతుంది. వ్యాసం ఎవరు రాశారో తెలుసుకోవడానికి ల్యాప్‌టాప్ తెరంతా అవసరమా అన్న ప్రశ్న దీనికి దగ్గరగానే ఉంది. ఉద్యోగుల విషయంలో యజమానులకు ఇదే చట్టం 7వ సెక్షన్‌లో కొంత వెసులుబాటు ఇచ్చింది. వ్యాసానికింత అని తీసుకునే మీరు ఉద్యోగి కిందికి వస్తారా అన్నది మీ ఒప్పందంలోని మాటలను బట్టి ఉంటుంది. దాన్ని ఒకసారి తీసి చదవండి.

నన్నడిగితే, మీ రోజువారీ ల్యాప్‌టాప్‌లో ఆ యాప్ వేసుకోవద్దు. దానికి బదులుగా వాళ్లకు ఇవ్వగలిగినది మీ దగ్గర ఉంది. తర్వాతి వ్యాసం నుంచి ప్రతిదానికీ ఒకే గూగుల్ డాక్స్ పత్రం పెట్టండి. నోట్‌బుక్కులో రాసుకోవడం మానక్కరలేదు. కానీ మొదటి రోజే వ్యాసం రూపురేఖను నాలుగైదు వాక్యాల్లో ఆ పత్రంలో రాసి పెట్టండి. ముఖ్యమైన దశ ముగిసినప్పుడల్లా `File`, `Version history`, `Name current version` నొక్కి ‘తొలి ప్రతి’, ‘వివరాలు సరిచూశాక’ వంటి పేర్లు ఇవ్వండి. ఎవరి పేర్లయినా గోప్యంగా ఉంచవలసి ఉంటే వాటిని మొదటినుంచీ ఆ పత్రంలోకే రానివ్వకండి. అనుమానం వచ్చిన వ్యాసానికి మాత్రమే, కాల్‌లో మాత్రమే ఈ చరిత్ర చూపిస్తానని వేదికకు ముందే చెప్పండి.

వాళ్లు అందుకు ఒప్పుకోక, రికార్డింగు లేకపోతే పని లేదంటే, ఆ ఆదాయం మీ ఇంటికి ఎంత అవసరమో మీకే తెలుసు కనుక నిర్ణయం మీదే. ఒప్పుకోవలసి వస్తే ముందు బ్రౌజర్ ద్వారా జరిగే రికార్డింగు సరిపోతుందేమో అడగండి. క్రోమ్‌లో అలాంటి రికార్డింగు మొదలయ్యే ముందు ట్యాబ్, విండో, మొత్తం తెర అని మూడు ఎంపికలతో ఒక పెట్టె వస్తుంది, అందులో ఎడిటర్ ఉన్న ట్యాబ్‌ను మాత్రమే ఎంచుకోండి. యాపే వేయాలంటే ల్యాప్‌టాప్‌లో ఈ పనికోసం వేరే యూజర్ ఖాతా తెరిచి, అందులో మెయిల్, వాట్సాప్, బ్యాంకు ఏవీ లేకుండా చూసుకుని, రాసేటప్పుడు మాత్రమే ఆ ఖాతాలోకి వెళ్లండి. పాత ల్యాప్‌టాప్ ఏదైనా ఉంటే ఇంకా మంచిది. రికార్డింగును ఎవరు చూస్తారు, ఎన్నాళ్లు ఉంచుతారు, టైపింగు వేగాన్ని బట్టి పారితోషికం గానీ ర్యాంకు గానీ నిర్ణయిస్తారా, దాన్ని ఇతర సంస్థలకు ఇస్తారా అన్న నాలుగు ప్రశ్నలకు యాప్ వేసుకునే ముందే మెయిల్‌లో జవాబులు తీసుకోండి. ఫోనులో చెప్పిన మాట తర్వాత ఎవరికీ గుర్తుండదు.

ఆగిపోయిన వ్యాసం తేలిన తర్వాత, డబ్బు వచ్చినా రాకపోయినా, ఇప్పటికే సేకరించిన మీ కీల లాగ్‌ను తొలగించమని ఇంకో మెయిల్ పంపి, ఏ తేదీన తొలగించారో రాతపూర్వకంగా అడగండి. వివాదం ముగియకముందే అడిగితే, మీకు పనికొచ్చే వివరాలు కూడా వాటితోపాటే పోతాయి.